రెండు లైన్ల మెసేజ్‌లో మర్యాద ఎక్కడ పెట్టాలి

(గుంటూరులో మిర్చి ఎగుమతి ఆఫీసులు, కోల్డ్ స్టోరేజీల సిబ్బంది కోసం ఒక సాయంత్రం ఏర్పాటు చేసిన సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం. సభలోంచి వచ్చిన మాటలు బ్రాకెట్లలో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. యార్డు నుంచి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు ఎవరో తుమ్ములు వింటేనే తెలుస్తోంది. (నవ్వులు) మీరు ఆ బట్టలతో లోపలికి వచ్చారు కాబట్టి కాసేపట్లో మేమూ తుమ్ముతాం. అందుకే నేరుగా విషయంలోకి వెళ్లిపోతాను.

ఇవాళ ఒకే ఒక్క మెసేజ్ తీసుకుంటాను. బోర్డు మీద రాశాను, చూడండి.

"మీరు పంపిన స్టేట్‌మెంట్ తప్పు.
వెంటనే సరిచేసి పంపండి."

ఎగుమతి ఆఫీసులో అకౌంట్స్ చూసే ఒక అమ్మాయి, కోల్డ్ స్టోరేజీలో ఛాంబర్ సూపర్‌వైజర్‌కి పంపింది అనుకుందాం. ఆయన్ని రావు గారు అనుకుందాం. ఈమె కంటే పదిహేనేళ్లు పెద్దాయన. ఈమె కింద పనిచేసే మనిషి కాదు, అసలు ఆఫీసే వేరు. అయినా రోజూ ఆయన పంపే లెక్క మీదే ఈమె బిల్లులు నడుస్తాయి. ఆ రోజు తేజ రకం ఒక లాట్ చెన్నై పోర్టుకి వెళ్లాలి. లారీ లోడ్ అయింది, డ్రైవర్ గంట నుంచి టీలు తాగుతున్నాడు. ఈమెకి టెన్షన్. ఏడు మాటలు కొట్టి పంపేసింది.

ఇందులో తప్పేముంది? ఎవరన్నా చెప్పండి.

(సభలోంచి: "దయచేసి లేదండీ.")

అందరూ మొదట చెప్పేది అదే. సరే, పెడదాం. "దయచేసి వెంటనే సరిచేసి పంపండి." ఇప్పుడు మీకు ఈ మెసేజ్ వస్తే ఎలా ఉంటుంది? నాకైతే ఇంకాస్త మండుతుంది. మనం ఇళ్లలో ఎవరమూ దయచేసి అని మంచినీళ్లు అడగం. ఆ మాట బస్టాండులో మైకు మాట్లాడుతుంది, బ్యాంకు గోడ మీద బోర్డు మాట్లాడుతుంది. తెలిసిన మనిషికి పంపే రెండు లైన్లలో అది వచ్చిందంటే, పళ్లు బిగబట్టి రాసినట్టు ఉంటుంది.

ఇంకో సంగతి గమనించండి. "పంపండి" అంది, "పంపు" అనలేదు. "మీరు" అంది. అంటే తెలుగులో గౌరవానికి వ్యాకరణం అడిగేదంతా ఆమె ఇచ్చేసింది. అయినా మొహం మీద కొట్టినట్టే ఉంది. కాబట్టి మర్యాద లోటు అండీ, గారూల దగ్గర లేదు. వేరే చోట వెతకాలి.

మొదటి లైను చూడండి. మొట్టమొదటి మాట "మీరు", చివరి మాట "తప్పు". మనిషితో మొదలెట్టి తీర్పుతో ఆపేసింది. మధ్యలో ఏముంది? ఏమీ లేదు. ఏ లాట్, ఎన్ని టిక్కీలు, అదే ఎన్ని బస్తాలు, ఎక్కడ తేడా, ఒక్క ముక్క లేదు. రావు గారు ఆ రోజు పది లాట్ల లెక్క పంపి ఉంటాడు. తప్పు అని తెలిసింది కానీ ఏం చెయ్యాలో తెలియలేదు. తిట్టు అందింది, పని అందలేదు.

దీనికి మించినది ఇంకోటి ఉంది. ఆమె దగ్గర అసలు ఏముందో చెప్తాను. 47వ లాట్‌కి రావు గారి స్టేట్‌మెంట్‌లో 321 టిక్కీలు ఉన్నాయి. గేట్ పాస్‌లో 312 ఉన్నాయి. అంతే. ఈ రెండు కాగితాల్లో ఏది తప్పో ఆమెకి తెలియదు. గేట్ పాస్ రాసినవాడు కూడా మనిషే కదా, పొరపాటు అక్కడే జరిగి ఉండొచ్చు. తెలియకుండానే "మీది తప్పు" అని రాసేసింది. అంటే ఆ లైను కటువుగా ఉండటమే కాదు, నిజం కూడా కాదు. ఆమెకి తెలిసిన నిజం "రెండు అంకెలు కలవడం లేదు" అన్నంత వరకే. నా అనుభవంలో ఆఫీసుల్లో కటువుగా కనిపించే మెసేజ్‌లు చాలావాటికి రోగం ఇదే. రాసినవాళ్లు చూసింది ఒకటి, తేల్చింది ఇంకొకటి. చూసింది రాయకుండా తేల్చింది రాస్తారు.

ఇప్పుడు రెండో పక్కకి వెళ్దాం. ఇదే అమ్మాయికి ఎవరో "కొంచెం పొలైట్‌గా రాయమ్మా" అని చెప్పారు. అప్పుడు ఏమని రాస్తుందో చూడండి.

"నమస్కారం రావు గారూ, మీరు చాలా బిజీగా ఉంటారని తెలుసు, డిస్టర్బ్ చేస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. స్టేట్‌మెంట్‌లో ఏదో చిన్న తేడా ఉన్నట్టు నాకు అనిపించింది, బహుశా నేనే సరిగ్గా చూడలేదేమో. మీకు వీలు చూసుకుని ఒకసారి చెక్ చేస్తే చాలా సంతోషం అండీ."

(నవ్వులు. సభలోంచి: "ఇట్టాంటివి రోజుకి పది వస్తాయి.")

వస్తాయి. పాపం మంచి మనసుతోనే రాస్తారు. కానీ రావు గారి ఫోన్‌లో ఇది ఎలా కనబడుతుంది? లోడింగ్ దగ్గర నిలబడి ఉన్నాడు, చేతికి కారం, ఫోన్ తెరవకుండా పైన నోటిఫికేషన్‌లో కనపడేది మాత్రం చూస్తాడు. అక్కడ ఏం కనబడింది? "నమస్కారం రావు గారూ, మీరు చాలా బిజీగా ఉంటారని..." అంతే. జేబులో పెట్టేస్తాడు. తర్వాత తెరిచాడే అనుకోండి, "మీకు వీలు చూసుకుని" అని ఉంది. ఆయన ఆ మాట నమ్మి రేపు చూస్తాడు. అది ఆయన తప్పు కాదు, మనమే చెప్పాం. లారీ మాత్రం ఇవాళే వెళ్లాలి. పైగా ఇంత రాసినా 321 గానీ 312 గానీ ఎక్కడా లేవు. మొదటి మెసేజ్‌లో తిట్టు ఉంది, దీంట్లో తిట్టు తీసేసి పొగ నింపారు. అసలు సరుకు రెండింట్లోనూ లేదు.

కాబట్టి మనం చెయ్యాల్సింది మాటలు చేర్చడం కాదు, మార్చడం. ఒక్కొక్కటీ చేద్దాం.

"మీరు పంపిన స్టేట్‌మెంట్ తప్పు" తీసేయండి. దాని స్థానంలో చూసింది చూసినట్టు పెట్టండి: "తేజ 47వ లాట్‌కి స్టేట్‌మెంట్‌లో 321, గేట్ పాస్‌లో 312 ఉంది." ఈ వాక్యంలో మనిషి ఎక్కడున్నాడు? లేడు. రెండు కాగితాలు ఉన్నాయి, రెండు అంకెలు ఉన్నాయి. తెలుగులో ఇది చాలా హాయిగా కుదురుతుంది. "మీరు పంపలేదు" అనాల్సిన చోట "నాకు అందలేదు" అంటాం, "మీరు రాయలేదు" అనాల్సిన చోట "ఇందులో కనపడలేదు" అంటాం. నాటకం కాదు అది, మామూలు వాడుకే. ఎవరూ దాన్ని నంగిరి మాట అనుకోరు.

ఇక్కడ లెక్కలవాళ్ల కోసం ఒక చిన్న పక్కదారి. 321లోంచి 312 తీస్తే ఎంత? తొమ్మిది. రెండు అంకెలు అటుదిటు పడితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. 54ని 45 అని రాసినా అంతే, 710ని 170 అని రాసినా అంతే. పాత గుమాస్తాలు తేడా కనపడగానే ముందు తొమ్మిదితో భాగించి చూసేవాళ్లు. ఈ అమ్మాయికీ ఆ సంగతి తెలుసు అనుకోండి. అప్పుడు మెసేజ్‌లో "అంకెలు తిరగేసి రాసినట్టున్నారు" అని రాయాలా? నేనైతే రాయను. 321, 312 పక్కపక్కన పెడితే రావు గారు చూడగానే పట్టుకుంటాడు. ఆయన అనుభవం మన డిగ్రీ కంటే పాతది. తప్పు ఆయనే కనిపెట్టి, ఆయనే దిద్దుకుంటే ఆయన మాట దక్కుతుంది. మనం కనిపెట్టి చెప్తే ఆయన సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. పైగా మూడు మాటలు మిగిలాయి.

సరే, రెండో లైను. "వెంటనే." ఈ మాట ఎందుకు గుచ్చుకుంటుందంటే, అందులో టైము లేదు, తొందర మాత్రమే ఉంది. ఎవరి తొందర? రాసినవాళ్ల తొందర. "వెంటనే" అన్నారంటే ఆయన పని పక్కన పడేసి మన పని చెయ్యమనే. దాని బదులు కారణం, టైము కలిపి పెట్టండి: "ఈ-వే బిల్లు మూడింటికి వెయ్యాలి." ఈ నాలుగు మాటలకి బోలెడు అర్థం ఉంది. యాభై వేలు దాటిన సరుకు కదలాలంటే ఈ-వే బిల్లు కావాలి. ఒకసారి వేశాక వాహనం నంబరు మార్చుకోవచ్చు గానీ, సరుకు లెక్క దిద్దడం కుదరదు. రద్దు చేసి కొత్తది వెయ్యాలి, ఆ రద్దు కూడా ఇరవై నాలుగు గంటల్లోపే. ఇవన్నీ రావు గారికి తెలుసు, కాబట్టి రాయక్కర్లేదు. "ఈ-వే బిల్లు" అన్న ఒక్క మాటకే ఆయన బుర్రలో ఇవన్నీ కదులుతాయి. అవతలి మనిషికి తెలిసింది మళ్లీ చెప్పకపోవడం కూడా మర్యాదే.

తర్వాత "సరిచేసి పంపండి." స్టేట్‌మెంట్ మొత్తం మళ్లీ చేసి పంపాలా? అక్కర్లేదు. మనకి ఒక్క అంకె కావాలి. "సరిచేసి" అంటే ఆయన ఏమనుకుంటాడు? ఛాంబర్‌లోకి వెళ్లి, ఆ చలిలో, దొంతర్లు మళ్లీ లెక్కపెట్టాలేమో అనుకుంటాడు. ఎవరికైనా చిరాకు రాదా? "రిజిస్టర్ ఒకసారి చూసి ఏది కరెక్టో చెప్తారా?" అంటే అది అర నిమిషం పని. మాట మెత్తగా చెయ్యడం కంటే పని చిన్నది చేసి అడగడం ఎక్కువ మర్యాద. దీన్ని చాలామంది పట్టించుకోరు.

మొత్తం ఒకసారి చదువుతాను.

"రావు గారూ, తేజ 47వ లాట్‌కి స్టేట్‌మెంట్‌లో 321, గేట్ పాస్‌లో 312 ఉంది.
ఈ-వే బిల్లు మూడింటికి వెయ్యాలి, రిజిస్టర్ ఒకసారి చూసి ఏది కరెక్టో చెప్తారా?"

ఇప్పటికీ రెండు లైన్లే. ఏడు మాటలు ఇరవై ఒకటి అయ్యాయి, నిజమే. కానీ పెరిగినవి ఏమిటో చూడండి. లాటు, అంకెలు, బిల్లు, టైము, రిజిస్టరు. అన్నీ పనికొచ్చేవే. మర్యాద కోసమని పెట్టినవి మూడే: పేరు పక్కన "గారూ", "ఒకసారి", చివర "చెప్తారా" అన్న ప్రశ్న. "ఒకసారి" అంటే ఇక్కడ లెక్క కాదు, ఎక్కువ సేపు పట్టదులెండి అని. "కొంచెం" కూడా ఇదే పని చేస్తుంది. రెండూ కలిపి "కొంచెం ఒకసారి" అని మాత్రం రాయకండి, నసలా ఉంటుంది. ఇక "చెప్తారా" అనేది పైకి ప్రశ్న, లోపల అభ్యర్థన. అవతలి మనిషికి "ఇప్పుడు కుదరదమ్మా, నాలుగింటికి చూస్తా" అనే సందు వదులుతుంది. "చెప్పండి"లో ఆ సందు లేదు.

(సభలోంచి ఒకావిడ: "అందరికీ ఇట్లాగే రాయాలాండీ? మా ఆఫీసులో పక్క సీటు అమ్మాయికి గారూ అంటే నవ్వుతుంది.")

మంచి ప్రశ్న. నవ్వితే ఫర్వాలేదు, కొందరు భయపడతారు. రోజూ "ఏమే, ఆ ఫైల్ ఇటియ్యి" అనే మనిషి ఒక రోజు "ఆ ఫైల్ పంపిస్తారా" అని మెసేజ్ పెడితే, వీళ్లిద్దరికీ ఏదో జరిగిందని ఆఫీసంతా అనుకుంటుంది. తెలుగులో నువ్వు నుంచి మీరుకి ఎక్కడం అన్నిసార్లూ మర్యాద కాదు, ఒక్కోసారి అలక. కాబట్టి మీ ఇద్దరి మధ్య మామూలుగా ఏ పిలుపు నడుస్తుందో దాన్ని కదపకండి.

దీని మీద 1978లో పెనెలోపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అని ఇద్దరు పరిశోధకులు ఒక పెద్ద వ్యాసం రాశారు. ఇంగ్లీషు, మెక్సికోలోని త్సెల్తాల్ అనే ఒక మాయా భాష, మన పక్కింటి తమిళం, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. వాళ్లు చెప్పిన దాంట్లో మనకి పనికొచ్చే ముక్క ఇది. ఎంత మెత్తగా అడగాలన్నది మూడింటిని బట్టి ఉంటుంది: ఇద్దరి మధ్య దూరం ఎంత, ఎవరిది పైచెయ్యి, అడిగే పని ఎంత బరువు. పక్క సీటు అమ్మాయితో దూరం లేదు, పైచెయ్యి లేదు. అయితే బరువు మారుతుంది. ఫైల్ ఇమ్మంటే "ఆ ఫైల్ పెట్టవా" చాలు. ఆదివారం వచ్చి మన బదులు కూర్చోమనాలంటే అప్పుడు "ఆదివారం నాకు పెళ్లి ఉంది, ఒక్క పూట కూర్చోగలవా? వచ్చే ఆదివారం నేను కూర్చుంటా" అంటాం. పిలుపు మారలేదు, "నువ్వు" అలాగే ఉంది. కారణం, బదులు చేరాయి.

అదే ముఠా మేస్త్రికి అయితే? అక్కడ చుట్టరికమే పనిచేస్తుంది. "బాబాయ్, మూడింటికి లారీ కదలాలి, ఇంకో ఇద్దర్ని వేస్తావా?" మా వైపు ఇది పూర్తి మర్యాద. దీన్ని "మేస్త్రి గారూ, మరో ఇద్దరిని నియమించగలరు" అని రాస్తే ఆయన ఓనరుకి ఫోన్ చేసి ఏమైందని అడుగుతాడు. (నవ్వులు)

ఆ "గలరు" గురించి కూడా ఒక్క మాట. "పంపగలరు", "గమనించగలరు" అనేవి సర్క్యులర్ భాష. నోటీసు బోర్డుకి బాగుంటాయి, మనిషికి బాగుండవు.

చిన్న మాటలు ఇంకో రెండు ఉన్నాయి, వీటి దగ్గరే ఎక్కువ గొడవలు వస్తాయి. ఒకటి "ఇంకా". "స్టేట్‌మెంట్ రాలేదు" అంటే వార్త. "స్టేట్‌మెంట్ ఇంకా రాలేదు" అంటే దెప్పుడు. ఆ రెండక్షరాలు తీసేస్తే మెసేజ్ చిన్నదీ అవుతుంది, మెత్తనిదీ అవుతుంది. రెండోది "ఎందుకు". "ఎందుకు పంపలేదు?" అని అడిగితే అవతలి మనిషి సంజాయిషీ వెతుక్కుంటాడు. కరెంట్ పోయింది, ప్రింటర్ పనిచెయ్యలేదు, ఏదో ఒకటి వస్తుంది. మనకి కావాల్సింది సంజాయిషీ కాదు, స్టేట్‌మెంట్. "ఎప్పటికి వస్తుంది?" అని అడగండి. జవాబులో టైము వస్తుంది, దాన్ని పట్టుకుని మనం డ్రైవర్‌కి చెప్పుకోవచ్చు.

ఇదంతా చెప్పాక ఒక హద్దు కూడా చెప్పాలి. కోల్డ్ స్టోరేజీ వాళ్లకి చెప్పక్కర్లేదు, మీ ప్లాంటులో తిరిగేది అమోనియా. అది లీకైన రోజు "సార్, ఒకసారి బయటికి వస్తారా" అని ఎవరూ రాయకూడదు. "అమోనియా లీక్. రెండో ఛాంబర్ నుంచి అందరూ బయటికి రండి." అంతే. అక్కడ పొట్టిగా ఉండటాన్ని ఎవరూ తప్పు పట్టరు, ఎందుకంటే ఆ ఆజ్ఞ వినేవాళ్ల మేలు కోసం. మామూలు రోజుల్లో కూడా ఇది చిన్న స్థాయిలో పనిచేస్తుంది. "గొడుగు తీసుకెళ్లు" అన్న మెసేజ్ ఎవరికీ కోపం తెప్పించదు. ఆజ్ఞ గుచ్చుకునేది పని మనది, శ్రమ వాళ్లది అయినప్పుడు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒకరు: "ఇదే మెసేజ్ గ్రూప్‌లో పెట్టొచ్చా? ఓనరు కూడా ఉంటారు, త్వరగా పని అవుతుంది.")

పని అవుతుంది. ఒకసారి అవుతుంది. మనం ఇందాక అంత కష్టపడి మనిషిని వాక్యంలోంచి తీసేశాం కదా, గ్రూప్‌లో పెట్టగానే ఆ మనిషి మళ్లీ వచ్చేస్తాడు. ఆ స్టేట్‌మెంట్ ఎవరు పంపారో అందరికీ తెలుసు. అప్పుడు రావు గారు చూసేది 321 కాదు, ఓనరు చూశాడా లేదా అని. ఆయన జవాబు కూడా మీకు రాయడు, ఓనరుకి రాస్తాడు, సంజాయిషీలాగా. తేడా ఆయనకే పంపండి. తేలిన తర్వాత గ్రూప్‌లో "47వ లాట్ 312 టిక్కీలు, ఈ-వే బిల్లు వేశాం" అని పెట్టండి. ఎవరు పొరబడ్డారన్నది అందులో రాదు.

(ఇంకొకరు: "ఇంత చక్కగా రాశాక కూడా నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే ఏందండీ?")

వస్తుంది ఆ పరిస్థితి. అప్పుడు చాలామంది అదే మెసేజ్ మళ్లీ పంపుతారు, లేదంటే రెండు ప్రశ్నార్థకాలు కొడతారు. ఆ రెండు గుర్తులు "మీరు పంపిన స్టేట్‌మెంట్ తప్పు" కంటే ఘాటు. "గుర్తు చేస్తున్నాను" కూడా వద్దు, అందులో "మీరు మర్చిపోయారు" దాక్కుని ఉంది.

ఫోన్ చెయ్యండి. రెండున్నరకి కూడా జవాబు రాకపోతే మెసేజ్ ఎందుకు, ఫోన్ చెయ్యండి. లోడింగ్ దగ్గర ఉన్న మనిషికి టైపు చెయ్యడం కంటే చెవి దగ్గర పెట్టుకోవడం సులువు. ఎత్తలేదు అనుకోండి. అప్పుడు గేటు దగ్గరికి మనిషిని పంపి, లారీలో ఎక్కినవి లెక్కపెట్టించండి. 312 వచ్చింది. అప్పుడు రెండో మెసేజ్:

"రావు గారూ, గేటు దగ్గర లెక్కపెట్టించాం, 312 వచ్చింది. 312కే బిల్లు వేస్తున్నాను.
రిజిస్టర్‌లో వేరేలా ఉంటే మూడులోపు ఒక్క ఫోన్ చెయ్యండి."

ఇందులో ఆయన్ని ఏమీ అడగలేదు. మనం ఏం చేస్తున్నామో చెప్పాం, ఆపాలంటే ఎలా ఆపాలో చెప్పాం. ఆయన అంగీకరిస్తే వేలు కూడా కదపక్కర్లేదు. ఇక్కడ "చెయ్యండి" అని ఆజ్ఞే వాడాను, చూశారా? ఎందుకంటే ఆ ఫోన్ చేస్తే లాభం ఆయనకే. రేపు తొమ్మిది టిక్కీలు, అంటే దాదాపు నాలుగు క్వింటాళ్లు, ఎక్కడికి పోయాయని అడిగేది ఆయన్నే కదా.